35 వారాలు, తలనొప్పి, చేతుల వాపు, చూపు మసక: సోమవారం దాకా ఆగొచ్చా?

తాడేపల్లి అన్న | శనివారం రాత్రి 8:40

మా చెల్లెలికి 35 వారాలు, తొలి కాన్పు. సీమంతం అయ్యాక హైదరాబాద్ నుంచి పుట్టింటికి తీసుకొచ్చాం. నిన్న మధ్యాహ్నం నుంచి తల పగిలిపోతున్నట్టు నొప్పి అంటోంది. గాజులు చేతికి బిగుసుకుపోయాయి, ఉంగరం సబ్బు రాసినా రావట్లేదు. పొద్దున లేచేసరికి మొహం కూడా ఉబ్బినట్టుంది. సాయంత్రం నుంచి టీవీలో అక్షరాలు మసగ్గా కనిపిస్తున్నాయట, మధ్యమధ్యలో కళ్ళ ముందు మెరుపుల్లా వస్తున్నాయట. బిడ్డ కదలిక బాగానే ఉంది.

నెలలు నిండేటప్పుడు నీరు పట్టడం మామూలేనని అమ్మ అంటోంది. ఇక్కడ కొత్తగా చూపించాల్సిన డాక్టరమ్మ సోమవారం ఉదయం రమ్మన్నారు. ఈలోపు తలనొప్పికి ఏ మాత్ర వేయొచ్చు? కళ్ళజోడు పవర్ మారిందేమో, అదీ చూపించాలా? చివరిసారి బీపీ 31 వారాలప్పుడు హైదరాబాద్‌లో చూశారు, 110/70 ఉంది.

కొత్తపేట కోడలు | 8:47

మొదటి కాన్పు కదా, కంగారు పడకండి. నాకు తొమ్మిదో నెలలో కాళ్ళు ఇంతింత వాచాయి, చెప్పులు కూడా పట్టలేదు. ఉప్పు తగ్గించి బార్లీ నీళ్ళు తాగితే దిగిపోయింది. ఒకసారి యూరిన్ టెస్టు చేయించండి, అందులో ప్రోటీన్ లేకపోతే భయం లేదు. బీపీ వాపు అయితే ప్రోటీన్ పోతుంది.

లేబర్‌రూమ్ సిస్టర్ | 8:51

తాడేపల్లి అన్న గారూ, సోమవారం దాకా కాదు, రేపు పొద్దున దాకా కూడా ఆగొద్దు. ముందు ఇంట్లోగాని పక్కింట్లోగాని బీపీ మిషన్ ఉందేమో చూడండి. ఐదు నిమిషాల్లో దొరికితే చూసి ఇక్కడ రాయండి. దొరక్కపోతే వెతుక్కుంటూ కూర్చోవద్దు, నేరుగా ఆసుపత్రికి బయల్దేరండి. 20 వారాలు దాటిన గర్భిణికి గట్టి తలనొప్పి, చూపులో తేడా కలిసి వస్తే బీపీ ఎంతున్నా ఆసుపత్రిలో చూడాల్సిందే. అది ప్రీఎక్లాంప్సియా, అంటే గర్భంలో వచ్చే బీపీ జబ్బు కావచ్చు.

కొత్తపేట కోడలు గారూ, మీకు వచ్చింది కాళ్ళ వాపు. సాయంత్రానికి ఎక్కువై, కాళ్ళు ఎత్తి పెట్టుకుంటే రాత్రికి తగ్గే వాపు చాలామందికి ఉంటుంది. ఈ అమ్మాయికి చేతులూ మొహమూ ఉబ్బాయి, అదీ ఒకటి రెండు రోజుల్లోనే. రాత్రంతా పడుకుని లేచినా మొహం వాచి ఉందంటే అది రోజంతా నిలబడితే వచ్చే నీరు కాదు.

ఏటుకూరు రోడ్డు మెడికల్స్ | 8:55

మాత్ర గురించి అడిగారు కాబట్టి చెబుతున్నా. పారాసిటమాల్ 500 లేదా 650 ఒకటి వేయొచ్చు, అంతకు మించి ఏదీ వద్దు. షాపులో "తలనొప్పికి గట్టిది ఇవ్వండి" అంటే డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫినాక్ కలిసినవి చేతిలో పెడతారు. గర్భిణి అని చెప్పకుండా మగవాళ్ళు వచ్చి కొనుక్కెళ్తారు, అక్కడే పొరపాటు జరుగుతుంది. ఈ నెలల్లో అవి బిడ్డ గుండె రక్తనాళం మీదా ఉమ్మనీటి మీదా పనిచేస్తాయి, తల్లి కిడ్నీలకూ మంచివి కావు.

బీపీ ఎక్కువని తేలితే, పెద్దవాళ్ళకు వెనకటికి నాలుక కింద వేసే నిఫెడిపిన్ క్యాప్సూల్ ఉంది. అది వేసుకుని బయల్దేరితే దారిలో కాస్త తగ్గుతుంది కదా?

గైనిక్ డాక్టర్, గుంటూరు | 9:02

మాత్రల గురించి మీరు చెప్పిన మొదటి మాట సరైనదే. రెండోది వద్దండీ. నిఫెడిపిన్ మేమూ వాడతాం, కానీ 10 మిల్లీగ్రాములు మింగించి, 20 నుంచి 30 నిమిషాలకు మళ్ళీ బీపీ చూసి, అప్పుడు రెండో మోతాదు సంగతి ఆలోచిస్తాం. నాలుక కింద గుచ్చి వేస్తే బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. మాయకు వెళ్ళే రక్తం తల్లి బీపీ మీద ఆధారపడి ఉంటుంది. తల్లికి అంకె బాగుందని సంతోషించేలోపు బిడ్డ గుండె చప్పుడు నెమ్మదిస్తుంది. ఇంట్లోగాని దారిలోగాని ఎవరి అంచనాతోనూ బీపీ మందు వేయొద్దు.

అన్నగారూ, పారాసిటమాల్‌తో నొప్పి తగ్గినా ప్రయాణం మానొద్దు. మాత్ర నొప్పిని తగ్గిస్తుంది గాని బీపీని తగ్గించదు.

బందరు కాలువ | 9:04

మా అమ్మగారికి 62 ఏళ్ళు. బీపీ 150/90 ఉన్నా మా డాక్టరు నెల తర్వాత రమ్మన్నారు. మీరంతా ఒక్క రాత్రి ఆగొద్దంటున్నారు. పాపం, వాళ్ళను అనవసరంగా భయపెడుతున్నామేమో.

లేబర్‌రూమ్ సిస్టర్ | 9:08

అమ్మగారి బీపీ ఏళ్ళ తరబడి మెల్లగా పెరిగినది, ఒళ్ళు దానికి అలవాటు పడి ఉంటుంది. ఈ అమ్మాయికి నాలుగు వారాల కిందట 110/70. ఇప్పుడు 150 ఉంటే అది రోజుల్లో ఎక్కినట్టు. ఇంకా ఎక్కుతూనే ఉండొచ్చు, ఉదయానికి ఎక్కడుంటుందో చెప్పలేం. గర్భిణికి 140/90 వచ్చినా ఎక్కువ కిందే లెక్క. 160/110 అయితే 15 నిమిషాల్లో మళ్ళీ చూసి, అలాగే ఉంటే గంటలోపు మందు మొదలుపెట్టాలన్నది మా లేబర్‌రూమ్ నియమం.

తాడేపల్లి అన్న | 9:10

పక్కింటి తాతగారి దగ్గర మిషన్ ఉంది, చేతికి పట్టీ చుట్టేది. చెల్లెలు ఎడమ పక్కకు తిరిగి పడుకుని ఉంటే పైనున్న కుడి చేతికి కట్టి చూశాం. 142/92 వచ్చింది. మరీ ఎక్కువేం కాదు కదా? ఈ రాత్రికి పడుకోబెట్టి, తెల్లారాక తీసుకెళ్తే చాలంటారా?

లేబర్‌రూమ్ సిస్టర్ | 9:14

ఆ అంకెను నమ్మొద్దు. పక్కకు పడుకున్నప్పుడు పైచేయి గుండెకంటే ఎత్తులో ఉంటుంది. ప్రతి 10 సెంటీమీటర్ల ఎత్తుకు బీపీ సుమారు 8 తక్కువ చూపిస్తుంది. పక్కకు తిప్పి చూస్తే బాగుందని అనుకునేవాళ్ళు ఆసుపత్రుల్లోనూ ఉన్నారు. మారింది చేయి ఎత్తు మాత్రమే, ఒంట్లో బీపీ అలాగే ఉంటుంది.

ఇలా చేయండి. బాత్రూమ్‌కి వెళ్ళొచ్చి, వీపుకు ఆనుడు ఉన్న కుర్చీలో, పాదాలు నేలకు ఆనేలా కూర్చోమనండి. కాలు మీద కాలు వద్దు. బిగుతు జాకెట్టు చేతిని పైకి మడిచి కట్టొద్దు, ఆ మడతే చేతిని నొక్కేస్తుంది. వదులు నైటీ వేయించండి. మోచేతి మడత నుంచి రెండు వేళ్ళు పైకి పట్టీ కట్టి, చేతిని బల్ల మీద గుండె ఎత్తులో పెట్టండి. ఐదు నిమిషాలు ఊరికే కూర్చున్నాక చూడండి. చూసేటప్పుడు ఆమె మాట్లాడకూడదు, మీరూ మాట్లాడించొద్దు.

పట్టీ మీద ఎంత చేతికి సరిపోతుందో రాసి ఉంటుంది, మామూలుది 22 నుంచి 32 సెంటీమీటర్లు. టేపుతో భుజానికీ మోచేతికీ మధ్యలో కొలవండి. చేయి 32 కంటే లావైతే చిన్న పట్టీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. సన్నచేతికి పెద్ద పట్టీ కడితే తక్కువ చూపిస్తుంది, అదే మరీ ప్రమాదం.

ఈలోపు మిగతావాళ్ళు ఫైలు, సంచీ సర్దండి. అంకె ఎంత వచ్చినా వెళ్ళడం ఖాయం.

అరండల్‌పేట | 9:17

నాకు మైగ్రేన్ ఉంది, కళ్ళ ముందు మెరుపులు, తలనొప్పి అచ్చం ఇలాగే వస్తాయి. చీకటి గదిలో పడుకుంటే తగ్గుతుంది. ఈ అమ్మాయికీ అదే కావచ్చు కదా?

గైనిక్ డాక్టర్, గుంటూరు | 9:24

కావచ్చు. కానీ మైగ్రేన్ అనేది బీపీ, రక్తపరీక్షలు బాగున్నాయని తేలాక చివర్లో వచ్చే మాట, ముందే అనుకుని పడుకోబెట్టేది కాదు. మైగ్రేన్ చిన్నప్పటి నుంచీ ఉన్నవాళ్ళకు కూడా "ఇది ఎప్పుడూ వచ్చే నొప్పిలా లేదు" అనిపిస్తే రావాల్సిందే.

ఇక్కడ అసలు జరిగేది చెబితే ఆగకూడదని ఎందుకంటున్నామో తెలుస్తుంది. మాయకు రక్తం తెచ్చే నాళాలు మొదటి నెలల్లోనే సరిగ్గా వెడల్పు కాకపోతే, తర్వాత మాయ నుంచి కొన్ని పదార్థాలు తల్లి రక్తంలోకి వచ్చి ఒళ్ళంతా రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి. నాళాలు బిగుసుకుంటాయి, అందుకే బీపీ. లోపలి నీరు బయటికి ఊరుతుంది, అందుకే చేతులు, మొహం. కిడ్నీలో అదే జరిగితే మూత్రంలో ప్రోటీన్, కాలేయంలో జరిగితే కుడి డొక్కలోగాని రొమ్ము కింద మధ్యలోగాని నొప్పి. ఆ నొప్పిని గ్యాస్ అనుకుని గ్యాస్ మాత్రలు వేసుకుంటూ వచ్చేవాళ్ళు చాలామంది. మెదడులో ఎక్కువగా ఊరేది వెనక భాగంలో, చూపును చూసుకునేది ఆ భాగమే. కాబట్టి తలనొప్పితో పాటు చూపు మసకబారిందంటే తప్పు కళ్ళజోడుది కాదు. ఆ వాపు ఇంకాస్త ముందుకెళితే ఫిట్స్. ఫిట్స్‌కు ముందు గంటల వ్యవధి ఉండొచ్చు, నిమిషాలే ఉండొచ్చు.

కొత్తపేట కోడలు గారి ప్రోటీన్ మాట సగం నిజం. ప్రోటీన్ కనిపిస్తే జబ్బు ఉందనడానికి బలం. కనిపించకపోతే లేదనడానికి మాత్రం వీల్లేదు. ప్రోటీన్ లేకుండానే ప్లేట్‌లెట్లు పడిపోయినవాళ్ళు, ఫిట్స్ వచ్చినవాళ్ళు ఉన్నారు. ఉప్పు మానేసినా, బార్లీ తాగినా ఈ వాపు దిగదు. నీరు పోయే మాత్రలు అసలే వద్దు. ఒళ్ళు ఉబ్బి కనిపిస్తున్నా నాళాల్లో రక్తం నిజానికి చిక్కబడి తక్కువగానే ఉంటుంది.

తాడేపల్లి అన్న | 9:29

మీరు చెప్పినట్టే కూర్చోబెట్టి చూశాం. చేయి 27 సెంటీమీటర్లు. 158/104.

లేబర్‌రూమ్ సిస్టర్ | 9:30

బయల్దేరండి. రెండోసారి చూడాలని ఇంట్లో ఆగొద్దు, మిషన్ వెంట తీసుకెళ్ళి కారులో చూడండి.

తాడేపల్లి అన్న | 9:32

కారు ఉంది. ఎక్కడికి? సోమవారం చూపించాల్సిన నర్సింగ్‌హోమ్ మా వీధి చివరే, కానీ డాక్టరమ్మ రాత్రిళ్ళు ఉండరు. ఆర్‌ఎంపీ గారు వచ్చి, నీరసంగా ఉంది, ఒక సెలైన్ పెడతానంటున్నారు.

గైనిక్ డాక్టర్, గుంటూరు | 9:34

సెలైన్ వద్దు, గట్టిగా చెప్పండి. ఈ జబ్బులో ఎక్కించిన నీరు నాళాల్లో నిలవదు, ఊపిరితిత్తుల్లోకి ఊరుతుంది. ఆసుపత్రిలో కూడా మొత్తం ద్రవాలు గంటకు 80 మిల్లీలీటర్ల దగ్గర ఆపుతాం. ఒక సీసా గంటలో దింపేస్తే ఆయాసంతో వస్తుంది.

35 వారాలు కాబట్టి మీకు కావలసినవి నాలుగు: రాత్రి లోపలే ఉండే గైనిక్ డాక్టరు, మత్తు డాక్టరు, రక్తం, నెలలు నిండని బిడ్డను చూసే యూనిట్. ఇవి లేని చోటికి వెళితే అక్కడి నుంచి మళ్ళీ పంపిస్తారు, దారిలో గంట పోతుంది. తాడేపల్లి నుంచి వారధి దాటితే విజయవాడ పాత ప్రభుత్వాసుపత్రి, ఇటు మంగళగిరి ఎయిమ్స్ ఉన్నాయి. ఇవి ఉన్న ప్రైవేటు ఆసుపత్రి అయినా సరే. ఎక్కడికైనా ఫోన్ చేస్తూ కదలండి.

బందరు కాలువ | 9:36

గుంటూరు జీజీహెచ్ పెద్దది కదా, అక్కడికే వెళితే మంచిది కాదా?

గైనిక్ డాక్టర్, గుంటూరు | 9:37

ప్రత్తిపాడు నుంచో పెదకాకాని నుంచో అయితే గుంటూరే అనేదాన్ని. తాడేపల్లి నుంచి పది, పదిహేను నిమిషాల్లో చేరే చోటు ఉండగా దూరం ఎందుకు?

లేబర్‌రూమ్ సిస్టర్ | 9:39

ఫోన్‌లో "కడుపుతో ఉంది, నొప్పులు కాదు, ఒంట్లో బాలేదు" అనొద్దు. ఇలా చెప్పండి: "35 వారాలు, తొలి కాన్పు, బీపీ 158/104, తలనొప్పి, చూపు మసక, వస్తున్నాం." ఆ ఒక్క వాక్యం వింటే అక్కడ మంచం, ఇంజెక్షన్ సిద్ధం చేసుకుంటారు. క్యాజువాలిటీలో చీటీ వరుసలో నిలబడొద్దు, అదే వాక్యం గట్టిగా చెప్పి లేబర్‌రూమ్ ఎక్కడో అడగండి. కారు లేనివాళ్ళు 108కి కూడా ఇలాగే చెప్పాలి. స్కూటర్ మీద మాత్రం తీసుకెళ్ళొద్దు.

ఎంసీపీ కార్డు, హైదరాబాద్ ఫైలు, స్కానింగులు, బ్లడ్ గ్రూపు కాగితం, ఇప్పుడు వాడే మందులు తీసుకోండి. వెనక సీట్లో ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, పక్కన ఒకరు కూర్చోండి. ఆపరేషన్ అవసరం పడొచ్చు కాబట్టి ఏమీ తినిపించొద్దు.

దారిలో ఫిట్స్ వస్తే నోట్లో చెంచా, వేలు, నీళ్ళు పెట్టొద్దు. చేతిలో తాళాలు పెడితే ఆగుతాయన్న నమ్మకంతో కారు ఆపి వెతుక్కోవద్దు. పక్కకు తిప్పే ఉంచి, నురగ బయటికి కారనిచ్చి, తల కొట్టుకోకుండా పట్టుకుని కారు నడుపుతూనే ఉండండి.

ఏటుకూరు రోడ్డు మెడికల్స్ | 9:50

వాళ్ళు ప్రయాణంలో ఉన్నారు కాబట్టి ఒకటి అడుగుతాను. మిషన్లు అమ్మే షాపు నాది. ఇంట్లో చూసుకునే మిషన్లు గర్భిణులకు పనికొస్తాయా? వాటిని నమ్మి ఇంట్లో ఆగిపోయేవాళ్ళు ఉంటారేమోనని నా భయం.

గైనిక్ డాక్టర్, గుంటూరు | 9:58

మీ భయం న్యాయమైనదే. ఈ జబ్బులో నాళాల తీరు మారడం వల్ల చాలా ఆటోమేటిక్ మిషన్లు అసలు కంటే తక్కువ చూపిస్తాయి. గర్భిణుల మీద పరీక్షించినవి కొన్నే. కాబట్టి ఎక్కువ చూపిస్తే నమ్మి కదలండి. తక్కువ చూపించి లక్షణాలు ఉంటే లక్షణాలనే నమ్మండి. మణికట్టుకు పెట్టేవి మాత్రం గర్భిణికి అమ్మకండి.

లేబర్‌రూమ్ సిస్టర్ | 10:06

నిజానికి ఇంకో ఖాళీ ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. 28 వారాల నుంచి రెండు వారాలకోసారి, 36 దాటాక వారానికోసారి బీపీ చూడాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే సీమంతం, పుట్టింటి ప్రయాణం. పాత డాక్టరు దూరమవుతారు, కొత్త డాక్టరు దగ్గర ఇంకా చూపించుకోరు. మూడు నాలుగు వారాలు ఒక్కసారి కూడా చేతికి పట్టీ కట్టకుండా గడిచిపోతాయి. ఈ అమ్మాయికి 31 నుంచి 35 దాకా అదే జరిగింది. పుట్టింటికి వచ్చిన వారంలోనే దగ్గర్లోని పీహెచ్‌సీలోనో, ఏఎన్‌ఎం దగ్గరో బీపీ చూపించి కార్డులో రాయించుకోవాలి. ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేకంగా డాక్టరు చూసే రోజు కూడా ఉంది. అక్కడ బీపీ రాయకుండా ఐరన్ మాత్రలిచ్చి పంపిస్తుంటే "అమ్మా, బీపీ గడి ఖాళీగా ఉంది" అని అడగండి, తప్పు లేదు.

తాడేపల్లి అన్న | 11:20

చేరాం. అక్కడ చూస్తే 168/112. పావుగంటకు మళ్ళీ చూసి 166/110 అన్నారు. మూత్రంలో ప్రోటీన్ మూడు ప్లస్. ఒక మాత్ర మింగించారు. నరానికి ఒక ఇంజెక్షన్ మెల్లగా ఇచ్చారు, తర్వాత రెండు పిరుదులకూ పెద్ద పెద్ద ఇంజెక్షన్లు. ఒళ్ళంతా మంటలు, గొంతు ఎండుతోంది అంటోంది. మూత్రానికి గొట్టం వేశారు. మాటిమాటికీ మోకాలి మీద కొడుతున్నారు. బీపీకి ఇన్ని ఇంజెక్షన్లా?

లేబర్‌రూమ్ సిస్టర్ | 11:27

అది బీపీ మందు కాదండీ, మెగ్నీషియం సల్ఫేట్. ఫిట్స్ రాకుండా ఇచ్చేది. బీపీ తగ్గించడానికి ఇచ్చింది ఆ మాత్ర. నరానికి 4 గ్రాములు, ఒక్కో పిరుదుకు 5 గ్రాములు, మొత్తం 14 గ్రాములు ఒకేసారి పడతాయి. మన దగ్గర దొరికే 50 శాతం ఆంప్యూల్‌లో 2 మిల్లీలీటర్లకు 1 గ్రామే ఉంటుంది, అందుకే ఒక్కో పిరుదుకు ఐదు ఆంప్యూళ్ళ మందు, అంత పెద్ద సిరంజి. వేడి, మంట మామూలే, కాసేపటికి తగ్గుతాయి.

మోకాలి మీద కొట్టేది ఎందుకంటే ఆ మందు ఎక్కువైతే ముందుగా కాలు ఎగరడం ఆగిపోతుంది, ఆ తర్వాతే ఊపిరి మందగిస్తుంది. మోకాలు ఎగురుతుండాలి, ఊపిరి నిమిషానికి కనీసం 16 ఉండాలి, మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లకు తగ్గకూడదు. మందు బయటికి పోయేది మూత్రంలోనే, గొట్టం అందుకే. ఈ మూడూ సరిగ్గా ఉంటేనే తర్వాతి మోతాదు. చెల్లెలికి మాట ముద్దగా వచ్చినా, మరీ మత్తుగా ఉన్నా నిద్రపోతోందని వదిలేయకుండా సిస్టర్‌ని పిలవండి. దానికి విరుగుడు కాల్షియం గ్లూకోనేట్ లేబర్‌రూమ్ ట్రేలోనే ఉంటుంది.

గైనిక్ డాక్టర్, గుంటూరు | 11:35

బీపీని 120/80కి తీసుకురాలేదని వాళ్ళతో గొడవ పడకండి. 140 నుంచి 150, కింది అంకె 90 నుంచి 100 మధ్యకు తెస్తే చాలు. మాయకు రక్తం తగ్గకూడదు కాబట్టి అక్కడే ఆపుతారు. మాత్ర పనిచేయకపోతే లాబెటలాల్ నరానికి 20, తర్వాత 40, 80 మిల్లీగ్రాములుగా పెంచుకుంటూ ఇస్తారు. ఆయాసం, ఆస్తమా ఉంటే ఇప్పుడే చెప్పండి, అది ఇవ్వకూడదు.

తాడేపల్లి అన్న | 11:58

ఆస్తమా లేదు. ప్లేట్‌లెట్లు 1,12,000. హైదరాబాద్ కాగితంలో 2,10,000 ఉంది. బీపీ నిలకడకు వచ్చాక కాన్పు చేసేయాలంటున్నారు. ఇంకా ఐదు వారాలుంది. బిడ్డకు నెలలు నిండలేదని అమ్మ ఏడుస్తోంది.

కొత్తపేట కోడలు | ఆదివారం ఉదయం 6:10

రాత్రి చూడలేదు. అమ్మాయి ఆసుపత్రికి చేరినందుకు సంతోషం. నేను బార్లీ అన్నమాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ 37 వారాలు నిండేదాకా మందులతో ఆపుతారని మా బంధువు విషయంలో విన్నాను. ఇక్కడ ఆ తొందర ఎందుకు?

గైనిక్ డాక్టర్, గుంటూరు | 7:05

బీపీ 140, 150 దగ్గర ఉండి, తలనొప్పి, చూపు తేడా లేకుండా, రక్తపరీక్షలు బాగుంటే 37 దాకా వారానికి రెండుసార్లు చూసుకుంటూ ఆపుతాం, అది నిజమే. మీ బంధువుది అలాంటిదై ఉండొచ్చు. ఈ అమ్మాయికి 160/110 దాటింది, మెదడు లక్షణాలున్నాయి, ప్లేట్‌లెట్లు సగానికి దగ్గరగా పడ్డాయి. 34 వారాలు దాటాక ఇలా ఉంటే ఆపడం వల్ల బిడ్డకు వచ్చే లాభం కంటే తల్లికి ముప్పే ఎక్కువ. జబ్బు మాయలో పుట్టింది, మాయ బయటికి వస్తేనే మలుపు తిరుగుతుంది. బీపీ మందులు, మెగ్నీషియం ఆ దాకా కాపాడేవి మాత్రమే. అమ్మగారికి చెప్పండి: 35 వారాల బిడ్డలు కొద్దిరోజులు ఊపిరికీ పాలకూ సాయం తీసుకుని నిలబడేవాళ్ళే ఎక్కువ.

నొప్పులు తెప్పించాలా, ఆపరేషనా అన్నది గర్భసంచి ముఖద్వారం, బిడ్డ గుండె గీత చూసి అక్కడివాళ్ళు తేల్చాలి. ఇక్కడి నుంచి చెప్పడం సరికాదు. నాలా ఆలోచించేవాళ్ళు వీలైతే మామూలు కాన్పుకే చూస్తారు. ప్లేట్‌లెట్లు పడుతుంటే త్వరగా ఆపరేషన్‌కు వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. రెండిటికీ కారణాలున్నాయి.

తాడేపల్లి అన్న | ఆదివారం సాయంత్రం 5:45

మధ్యాహ్నం బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోందని ఆపరేషన్ చేశారు. పాప, 2 కిలోల 100 గ్రాములు. ఏడ్చింది, పిల్లల యూనిట్‌లో పెట్టారు. చెల్లెలికి బీపీ 146/94, తలనొప్పి చాలావరకు తగ్గింది. మాయ బయటికి వచ్చేసింది కదా, ఇక గండం గడిచినట్టేనా? మూడో రోజు పంపించేస్తారా?

లేబర్‌రూమ్ సిస్టర్ | 6:20

పాపకూ తల్లికీ దీవెనలు. ఇంకా గడవలేదండీ. కాన్పు అయ్యాక కూడా ఫిట్స్ రావచ్చు, ముఖ్యంగా మొదటి 48 గంటల్లో. అందుకే మెగ్నీషియం 24 గంటలు కొనసాగిస్తారు, మధ్యలో ఆపమని అడగొద్దు. ఒంట్లో ఊరిన నీరంతా తిరిగి రక్తంలోకి వస్తుంది కాబట్టి మూడో రోజు నుంచి ఆరో రోజు దాకా బీపీ మళ్ళీ ఎక్కుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే జనం డిశ్చార్జి అడిగి ఇంటికెళ్తారు. బాలింత తలనొప్పిని చల్లగాలి తగిలిందనీ, నిద్ర లేకనీ, మత్తు ఇంజెక్షన్ వల్లనీ అనుకుంటారు. బీపీ చూడకుండా అలా అనుకోవద్దు.

ఇంటికెళ్ళాక మొదటి వారం రోజుకు రెండుసార్లు చూసి పుస్తకంలో రాయండి. 150/100 దాటితే అదే రోజు డాక్టరుకు చెప్పాలి. 160/110 అయినా, తలనొప్పిగాని చూపు తేడాగాని ఆయాసంగాని వచ్చినా వెంటనే తీసుకెళ్ళాలి. లేబర్‌రూమ్ నుంచి వచ్చేటప్పుడు వాళ్ళ మిషన్ పక్కన మీ మిషన్ పెట్టి ఒకసారి పోల్చి చూసుకోండి, ఎంత తేడా చూపిస్తుందో తెలుస్తుంది.

అరండల్‌పేట | 6:41

బీపీ మాత్రలు వాడుతూ పాలివ్వొచ్చా? తర్వాతి కాన్పులో మళ్ళీ వస్తుందా?

గైనిక్ డాక్టర్, గుంటూరు | 7:15

నిఫెడిపిన్, లాబెటలాల్ వాడుతూ పాలివ్వొచ్చు. మందు తనంతట తాను ఆపకుండా, బీపీ దిగుతుంటే డాక్టరు తగ్గిస్తారు. ఆరు నుంచి పన్నెండు వారాలకు కూడా దిగకపోతే అది అంతకుముందే ఉన్న బీపీ కావచ్చు, కారణం వెతకాలి.

తర్వాతి కాన్పులో రావచ్చు, రాకపోవచ్చు. ఇలా 37 వారాలకు ముందే వచ్చినవాళ్ళకు అవకాశం ఎక్కువ. అన్నగారూ, డిశ్చార్జి కాగితంలో అత్యధిక బీపీ, ప్లేట్‌లెట్లు, ఎన్ని వారాలకు కాన్పయిందో రాయించుకుని లామినేషన్ చేయించి పెట్టండి. మళ్ళీ నెల తప్పినప్పుడు 12 వారాల్లోపే ఆ కాగితం చూపిస్తే చిన్న మోతాదు ఆస్పిరిన్ మొదలుపెట్టడం గురించి డాక్టరు ఆలోచిస్తారు. 16 వారాలు దాటాక చెబితే దాని ప్రయోజనం తగ్గిపోతుంది.